మధ్యాహ్నమంతా నిలిచిన నూనె చుక్క

ఆ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు ‘చూశారా మేడమ్’. బోర్డు మీద ఏ సూత్రం రాసినా, ఏ బొమ్మ గీసినా, వెనక్కి తిరిగి "చూశారా?" అని అడగడం ఆవిడకి అలవాటు. ఆ పేరు ఆవిడ చెవిన పడకుండా ఉండలేదు. పడ్డా కోపం రాలేదు. ఆ మాట తనకి తన తల్లి దగ్గర నుంచి వచ్చిందని ఆవిడకి తెలుసు. తల్లి నేతపని చేసేది. పక్కింటి వాళ్లు మోసుకొచ్చిన ఏ కబురు చెప్పినా తల ఎత్తకుండానే "నువ్వు చూశావా?" అనేది. చూడలేదంటే అక్కడితో ఆ కబురు కట్.

అలాంటి తల్లి కూతురు పెద్దయి, ఎవరూ కంటితో చూడని వాటి గురించి పాఠాలు చెప్పే ఉద్యోగంలో పడింది. అణువులు, పరమాణువులు, ఎలక్ట్రాన్లు. చదువుకునే రోజుల్లో అవన్నీ బుద్ధిగా చదివింది, పరీక్షల్లో బుద్ధిగా రాసింది. కానీ లోపల ఎక్కడో ఒక మూల, ఎలక్ట్రాన్ అంటే ఆవిడకి తన ముత్తాత లాంటిదే. ఉన్నాడని అందరూ చెబుతారు, ఆయన లేకపోతే తను లేదు, కాబట్టి ఉండే ఉంటాడు. అంతే.

నూనె చుక్కల ప్రయోగం ఆవిడ ఏటా చెప్పేది. రెండు లోహపు పలకల మధ్య సన్నటి నూనె తుంపర పడుతుంది. తుంపరగా చిమ్మేటప్పుడు రాపిడికి ఒక్కో చుక్కకి కాస్త విద్యుదావేశం అంటుకుంటుంది. కరెంటు లేనప్పుడు చుక్క కిందికి జారుతుంది. గాలి దాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, వేగం పెరుగుతూ పోకుండా ఒక చోట స్థిరపడుతుంది. దాన్నే చరమవేగం అంటారు. చిన్న చుక్క నెమ్మదిగా, పెద్ద చుక్క వడిగా దిగుతుంది. అందుకని ఆ వేగం తెలిస్తే చుక్క ఎంత లావుందో, ఎంత బరువుందో చెప్పేయొచ్చు. తర్వాత పలకలకి వోల్టేజీ పెట్టి, చుక్క గాల్లో కదలకుండా నిలిచేలా సరిచేస్తే, పైకి లాగే విద్యుత్తు, కిందికి లాగే బరువు సమానమన్నమాట. బరువు ముందే తెలుసు కాబట్టి చుక్క మీద ఎంత విద్యుదావేశం ఉందో తేలిపోతుంది. ఇదంతా సుద్దముక్కతో రెండు క్లాసుల్లో అయిపోయేది. చివర్లో "చూశారా?" అనేది. పిల్లలు తల ఊపేవాళ్లు. నిజానికి ఆ గదిలో ఎవరూ ఏమీ చూడలేదు, ఆవిడతో సహా. ఆవిడ చదివిన చోటా ఆ పరికరం లేదు, పనిచేస్తున్న చోటా లేదు.

ఒక ఏడు, ఊళ్లో ఇంకో కాలేజీ మూతపడి, దాని సామానంతా పంచి పెడుతుంటే, వీళ్ల వాటాకి కొన్ని బెంచీలు, ఒక గడియారం, చెక్కపెట్టెలో ఆ పరికరం వచ్చాయి. పెట్టె తెరిచి చూసిన రోజు ఆవిడ ఇంటికి ఆలస్యంగా వెళ్లింది. ఇత్తడి పలకలు రెండు. మధ్యలో ఐదు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచే ప్లాస్టిక్ కట్టు. పై పలక నడుమ సూది మొన అంత రంధ్రం. పక్కన కంటికి ఆనించుకునే చిన్న మైక్రోస్కోపు, లోపల సన్నటి అడ్డగీతలు. రబ్బరు బుడ్డి ఉన్న చిన్న తుంపర సీసా. చూడబోతే అన్నీ ఉన్నాయి. పెట్టి చూస్తే మాత్రం ఏదీ పనిచెయ్యలేదు.

డిపార్టుమెంటు హెడ్ పెద్దాయన. మాట తక్కువ మనిషి. ఆయన ఆ పెట్టెని చూసి పెదవి విరిచారు. తను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇలాంటి దానితోనే ఒక వేసవంతా కుస్తీ పట్టి చివరికి చేతులెత్తేశాననీ, కంప్యూటరు మీద బొమ్మగా చూపించేస్తే పిల్లలకి అర్థమవుతుందనీ, దీన్ని అటకెక్కించడం మేలనీ ఆయన చెప్పారు. ఆవిడ కాదనలేదు. కానీ పెట్టె అటకెక్కలేదు. లాబొరేటరీ చివర నల్ల తెర వేసిన చిన్న గదిలోకి చేరింది.

అక్కడ నుంచి కొన్ని నెలల పాటు ఆవిడ ఖాళీ గంటలన్నీ ఆ గదిలోనే గడిచాయి. తోడు ఆఖరి ఏడాది చదివే పొడుగమ్మాయి ఒకతి. గుమ్మంలో వంగి రావాల్సినంత పొడుగు కాకపోయినా అలవాటుగా వంగే వచ్చేది. ఆ పిల్లకి లెక్కలంటే ప్రాణం, పరికరాలంటే భయం. ఏది ముట్టుకున్నా పాడైపోతుందని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. మేడమ్ ఆ చేతులు విప్పించి స్క్రూడ్రైవరు పెట్టింది.

మొదట రంధ్రం పూడుకుపోయి ఉంది. మేడమ్ భర్త టైలరు. బస్టాండు పక్క సందులో చిన్న కొట్టు. ఆయన దగ్గర నుంచి కుట్టుమిషను దులిపే కుంచెలోని మెత్తటి వెంట్రుక ఒకటి తెచ్చి, రంధ్రం పెద్దది కాకుండా మసి దులిపారు. తర్వాత పాత బల్బు. వెలిగించిన కాసేపటికే పలకల మధ్య గాలి వేడెక్కి, చుక్కలు కిందికి దిగడం మానేసి జాతరలో జనంలా ఎటు పడితే అటు కొట్టుకుపోయేవి. బల్బు తీసేసి వేడి పుట్టించని ఎల్ఈడీ దీపం పెట్టారు. ఆ తర్వాత బల్ల వాలుగా ఉందని తేలింది. పలకలు నీటి మట్టంలా సమంగా లేకపోతే చుక్క నిలువుగా దిగదు, పక్కకి జరిగి చూపు దాటిపోతుంది. మట్టం చూసే బుడగ గొట్టం పలక మీద పెట్టి, కాళ్లకున్న మరలు తిప్పి తిప్పి సరిచేశారు. ఫ్యాను వేస్తే గాలి కదులుతుందని ఫ్యాను కట్టేసేవాళ్లు. ఆ చీకటి గదిలో ఉక్కకి ఇద్దరూ తడిసి ముద్దయ్యేవాళ్లు.

చుక్కలు మొదటిసారి సరిగ్గా కనిపించిన రోజు పొడుగమ్మాయి ఆనించిన కన్ను తీయలేదు. ఏమైందని మేడమ్ అడిగితే పక్కకి జరిగి చోటిచ్చింది. ఆవిడ వంగి చూసింది. నల్లటి లోతులో సన్నటి వెలుగు రవ్వలు. వందలు. ఒక్కటి కూడా చప్పుడు చెయ్యకుండా, తొందర లేకుండా, అన్నీ కిందికి దిగుతున్నాయి. కొన్ని వడిగా, కొన్ని నింపాదిగా. వోల్టేజీ మీట నొక్కగానే వాటిలో కొన్ని ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి పైకి బయల్దేరాయి. ఇన్నేళ్లు సుద్దతో గీసిన బాణం గుర్తులు ప్రాణం పోసుకుని పైకి పోతున్నట్టనిపించింది.

అయినా చుక్క దొరకడం వేరు, చుక్కని పట్టి ఉంచడం వేరు. కాస్త ఏమరితే గీతలు దాటి పోయేది. రెండు కొలతలు తీసేసరికి ఏదో లారీ రోడ్డు మీద పోయి బల్ల అదిరేది. అందుకే ఒక సెలవు రోజు, కాలేజీ నిర్మానుష్యంగా ఉన్నప్పుడు, ఇద్దరూ పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేస్తానని ఆవిడ భర్తకి చెప్పి వచ్చింది. ఆ రోజు ఆడపడుచు కుటుంబంతో భోజనానికి వస్తోంది.

వాళ్లకి కావలసిన చుక్క పొద్దెక్కాక దొరికింది. బాగా మెరిసే చుక్కలు లావువి, రాళ్లలా పడిపోతాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి నిలకడ లేకుండా వణుకుతాయి. ఇది రెండింటికీ మధ్యస్థం. వోల్టేజీ తీసేసి దించారు. రెండు మిల్లీమీటర్లు దిగడానికి పదిహేడు సెకన్లు. మీట నొక్కి పైకి లేపారు. మళ్లీ దించారు. మళ్లీ పదిహేడే, కాస్త అటూ ఇటూగా. ఎన్నిసార్లు దించినా అదే నడక. పొడుగమ్మాయి ఒక్కోసారీ సెకన్లు బోర్డు మీద వేసేది. తర్వాత మేడమ్ వోల్టేజీ మర కొద్ది కొద్దిగా తిప్పుతూ చుక్కని నిలిపింది. మూడు వందల తొంభై ఎనిమిది వోల్టుల దగ్గర అది గీత మీద నిలబడిపోయింది. ఉన్నచోటే సన్నగా వణుకుతోంది తప్ప పైకీ పోదు, కిందికీ రాదు.

ఆ పరికరంలో ఒక మూల చిన్న మీట ఉంది. తుప్పుపట్టి ఉంటే నూనె రాసి కదిలేలా చేశారు. దాన్ని తెరిస్తే, లోపల భద్రంగా మూసి ఉంచిన రవ్వంత రేడియోధార్మిక పదార్థం చుట్టూ ఉన్న గాలి అణువుల్ని విడగొట్టి విద్యుత్తు అంటిస్తుంది. అలాంటిది ఒకటి వచ్చి చుక్కని తగిలితే చుక్క మీది విద్యుదావేశం మారుతుంది. మేడమ్ ఆ మీట తెరిచింది. కన్ను తీయకుండా చూస్తూ కూర్చుంది. చాలాసేపు ఏమీ జరగలేదు. మెడ పట్టేసింది. చెమట కనుబొమ్మ మీద నుంచి జారి ముక్కు కొసకి వచ్చింది.

అప్పుడు చుక్క బయల్దేరింది. ఎవరో చిటిక వేసి పిలిచినట్టు, ఉన్నట్టుండి పైకి.

ఆవిడ మీట మూసి, వోల్టేజీ గబగబా తగ్గించింది. చుక్క ఆగింది. ఎంతని అడిగితే పొడుగమ్మాయి మీటరు చూసి, మూడు వందల రెండు అని చెప్పి బోర్డు మీద వేసింది. మళ్లీ మీట తెరిచారు. ఈసారి అంతసేపు పట్టలేదు. చుక్క మళ్లీ పైకి. మళ్లీ తగ్గించి ఆపితే రెండు వందల నలభై ఒకటి.

సరిగ్గా అప్పుడే హెడ్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. ఏదో కాగితం కోసం వచ్చి, లాబులో దీపం కనబడి ఇటొచ్చారట. సెలవు రోజు కూడా ఇక్కడేనా అన్నట్టు చూసి వెళ్లిపోబోయి, బోర్డు మీది అంకెలు చూసి ఆగిపోయారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. కాసేపు పెదవులు కదిలించుకుంటూ నిలబడి, సుద్దముక్క అందుకుని మూడు అంకెల పక్కనా మూడు చిన్న అంకెలు వేశారు. మూడు, నాలుగు, ఐదు. గుణించారు. పదకొండు వందల తొంభై నాలుగు. పన్నెండు వందల ఎనిమిది. పన్నెండు వందల ఐదు.

చుక్క మీద ఎన్ని ఎలక్ట్రాన్ల పాటి విద్యుదావేశం ఎక్కువుంటే, దాన్ని ఆపడానికి అంత తక్కువ వోల్టేజీ చాలు. బోర్డు మీద మూడుసార్లూ ఇంచుమించు పన్నెండు వందలే నిలబడి ఉంది.

"మేడమ్," అంది పొడుగమ్మాయి, గొంతు తగ్గించి. "మూడు, నాలుగు, ఐదు. మూడున్నర లేదు."

"ఉండదు," అన్నారు హెడ్ గారు. "ఉండదనే పుస్తకంలో రాశారు. ఉండకపోవడం మాత్రం నేను ఇప్పుడే చూస్తున్నాను."

మేడమ్ లేచి ఆయనకి స్టూలు ఇచ్చింది. ఆయన మొహమాటపడ్డారు. తన చెయ్యి తగిలితే చుక్క పోతుందన్నారు. ఆవిడ ఊరుకోలేదు. మర మీద తన చెయ్యి ఉంచి, కన్ను మాత్రం ఆయన్ని పెట్టమంది. మీట తెరిచింది. ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"దిగుతోంది," అన్నారాయన. "అమ్మా, దిగుతోంది."

ఆవిడ వోల్టేజీ పెంచింది. ఆయన "ఆగింది" అనేసరికి పొడుగమ్మాయి మీటరు చదివింది. మూడు వందల ఒకటి. నాలుగో మెట్టు. ఇందాక ఎక్కిన మెట్టు మీదికే దిగింది. కాసేపటికి మళ్లీ దిగి నాలుగు వందల దగ్గర ఆగింది. మూడో మెట్టు. పొద్దున్న నిలబడ్డ చోటే. ఆ చుక్క తనకి తెలిసిన మెట్ల మీదే తిరుగుతోంది. మధ్యలో ఎక్కడా కాలు పెట్టడం లేదు. హెడ్ గారు స్టూలు మీద నుంచి లేచి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు. ఆ కిటికీకి నల్ల తెర వేసి ఉంది, చూడడానికి అక్కడేమీ లేదు. అయినా ఆయన అటే చూస్తూ కాసేపు నిలబడ్డారు. కుర్రాడిగా ఉన్నప్పటి ఆ వేసవి గురించి అప్పుడు చెప్పారు. గురువుగారు నమ్మకంగా పని అప్పగించారనీ, ఒక్క చుక్కని కూడా నిలపలేక ఆయన ముందు నీళ్లు నమిలాననీ, ఆ తర్వాత ఈ ప్రయోగం జోలికే పోలేదనీ. చెప్పిన తీరులో బాధ లేదు. ఎప్పటి నుంచో మూసి ఉంచిన గది తలుపు తీసి గాలి తగలనిచ్చినట్టుంది.

ఈలోగా భోజనాల వేళ దాటిపోయింది. మేడమ్ ఫోను సంచీలో మోగి మోగి ఊరుకుంది. మర మీద నుంచి చెయ్యి తీస్తే చుక్క ఏమవుతుందోనని ఆవిడ కదలలేదు. చివరికి భర్తే స్కూటరు మీద వచ్చారు. కాపలా మనిషిని అడిగి, చీకటి గది వెతుక్కుంటూ వచ్చేసరికి చేతిలో భోజనం డబ్బా, మొహంలో కంగారు. లోపల ముగ్గురూ బతికే ఉన్నారని చూసుకున్నాక కంగారు స్థానంలో చిరాకు వచ్చింది.

"అక్కడ మా చెల్లెలు తినకుండా కూర్చుంది," అన్నారాయన. "నీకు ఒంట్లో బాగాలేదేమోనని పరుగెత్తుకొచ్చా."

"ఏమండీ, తప్పే. కానీ కదల్లేను. చుక్క ఉంది."

"ఏ చుక్క?"

ఆవిడ కళ్లతోనే మైక్రోస్కోపు చూపించింది. ఆయన డబ్బా కింద పెట్టి, చేతులు లాల్చీకి తుడుచుకుని వంగారు. కుట్టుపనికి అలవాటు పడ్డ కళ్లు. వెంటనే పట్టుకున్నారు. ఒక్క వెలుగు చుక్క చీకట్లో నిలబడి ఉందని చెప్పారు. దేనికి వేలాడదీశారని అడిగారు. దేనికీ లేదంది ఆవిడ. ఆయన తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశారు, వేళాకోళం చేస్తోందేమోనని. మళ్లీ వంగి చూశారు. ఇంతసేపటి చిరాకు ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

"పొద్దున్నుంచీ ఇదేనా? ఇదే చుక్కా?"

ఇదేనని చెప్పింది ఆవిడ. ఆయన ఫోను తీసి, చెల్లెల్ని తినేయమని చెప్పి, ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నారు.

మీట మళ్లీ తెరిచారు. చుక్క జారింది. వోల్టేజీ పెంచుతూ పోతే మర దాదాపు చివరి దాకా వచ్చాక ఆగింది. ఐదు వందల తొంభై ఏడు. పొడుగమ్మాయి రెండు పెట్టి గుణించింది. మళ్లీ పదకొండు వందల తొంభై నాలుగు. రెండే రెండు ఎలక్ట్రాన్ల పాటి విద్యుదావేశం మీద ఆ నూనె బొట్టంతా ఆగి ఉంది.

ఇక మీట మూసేద్దామా అని హెడ్ గారు అడిగారు. యంత్రం ఆరు వందల కన్నా ఎక్కువ ఇవ్వదు. ఇంకొక్క మెట్టు దిగితే చుక్కని నిలపడానికి పన్నెండు వందలు కావాలి. అంటే చుక్క చేజారినట్టే. పొద్దున్నుంచీ కంటికి రెప్పలా కాపాడిన చుక్క. మేడమ్ కాసేపు ఆలోచించింది. పొడుగమ్మాయిని ఏం చేద్దామని అడిగింది.

ఆ పిల్ల బోర్డు వైపు చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది. "ఒక్కటే మిగిలితే, ఆరు వందల వోల్టులు దాని బరువులో సగమే మోస్తాయి మేడమ్. మిగతా సగం బరువుతో దిగుతుంది. సగం బరువుకి సగం వేగం. అంటే పదిహేడు సెకన్లు పట్టిన దూరానికి..."

"ముప్పై నాలుగు," అంది మేడమ్.

ఇంకా జరగని దాన్ని ఇద్దరూ ముందే చెప్పేశారు. ఇప్పుడు జరగాలి. చుక్క పై గీతకి కాస్త ఎగువనే ఆగి ఉంది, ఆవిడ దాన్ని అక్కడే నిలిపి ఉంచింది. పొడుగమ్మాయిని కన్ను పెట్టమంది. స్టాప్‌వాచ్ భర్త చేతికి ఇచ్చింది. పిల్ల "ఊ" అంటే నొక్కాలి, మళ్లీ "ఊ" అంటే ఆపాలి, మధ్యలో దాన్ని చూడకూడదు. ఆయన బొటనవేలు మీట మీద పెట్టి, కత్తెర పట్టినప్పటి కంటే జాగ్రత్తగా కూర్చున్నారు.

ఎంతసేపు కూర్చున్నారో ఎవరికీ గుర్తులేదు. డబ్బాలో అన్నం చల్లారిపోయింది. ఆవిడ చెయ్యి మర మీద తిమ్మిరెక్కింది. పొడుగమ్మాయి కదులుతోందని చెప్పింది. ఆవిడ వోల్టేజీని పూర్తిగా ఆరు వందలకి తిప్పింది. అయినా దిగుతోందంది పిల్ల. తీరిగ్గా దిగుతోందని, ఇంత నెమ్మదిగా ఎప్పుడూ దిగలేదని చెప్పింది. గీత దగ్గర "ఊ" అంది. ఆయన నొక్కారు.

ఆవిడకి ఎటు చూడాలో తెలియలేదు. చుక్క పిల్ల కంట్లో ఉంది. కాలం భర్త గుప్పిట్లో ఉంది. తన దగ్గర ఏమీ లేదు. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎక్కడో, తన అరచేతికి జానెడు దూరంలో, ఒక్క ఎలక్ట్రాన్ పాటి విద్యుత్తు తనకన్నా కోట్ల కోట్ల రెట్లు బరువున్న నూనె ముద్దని పడిపోకుండా సగం పట్టుకుని ఉంది. పూర్తిగా ఆపలేదు. అయినా వదలడం లేదు.

"ఊ."

ఆయన నొక్కి, గుప్పిట విప్పి, దీపం దగ్గరగా పెట్టుకుని చదివారు. "ముప్పై నాలుగు. కాస్త పైన."

ఆ అంకె విలువ తెలియని మనిషి ఆయన. ఆయనకి అర్థమయ్యేలోపు పొడుగమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీద కూర్చుండిపోయింది. హెడ్ గారు గోడకి ఆనుకున్నారు. మేడమ్ గబుక్కున మైక్రోస్కోపు మీదికి వంగింది. చుక్క ఇంకా ఉంది. ఆఖరి గీత దాటి, అడుగున మసక వెలుగులోకి నింపాదిగా దిగుతూ, కాసేపు కనిపించి, తర్వాత లేదు. ఆవిడ ఆ ఖాళీ చీకటినే ఇంకొంతసేపు చూస్తూ ఉండిపోయింది. కన్ను తీసేసరికి చెంపల మీద తడి. అది చెమటో కాదో ఆవిడ తుడుచుకుని చూసుకోలేదు.

లెక్కలు అన్నం తిన్నాక వేశారు. ఉన్న డబ్బాలోదే నలుగురూ పంచుకున్నారు. పదిహేడు సెకన్ల చరమవేగం నుంచి చుక్క వ్యాసార్థం లెక్కగట్టారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా కొద్దిగా ఎక్కువ. దాన్నుంచి బరువు. బరువునీ, పలకల మధ్య ఐదు మిల్లీమీటర్ల దూరాన్నీ గుణించి వోల్టేజీతో భాగిస్తే విద్యుదావేశం. ఒక్కో మెట్టు ఎత్తు ఒకటి పాయింట్ ఏడు ఎనిమిది అని తేలింది. పది మైనస్ పంతొమ్మిదో ఘాతం కూలుంబులు. పుస్తకంలో ఉన్నది ఒకటి పాయింట్ ఆరు.

పొడుగమ్మాయి బిక్కమొహం వేసింది. మళ్లీ వేసింది. మళ్లీ అదే. మెట్లు అంత సమానంగా ఉండి, మెట్టు ఎత్తు మాత్రం ఎందుకు ఎక్కువొచ్చింది? ఎక్కడ తప్పు చేశామని తల పట్టుకుంది. హెడ్ గారు పలకల దూరం మళ్లీ కొలిపించారు. ఐదే. మీటరు సరిచూశారు. సరిగ్గానే ఉంది.

మేడమ్ మాత్రం కదలకుండా కూర్చుంది. పాఠం చివర్లో ఏటా ఒక వాక్యం చెప్పి వదిలేసేది ఆవిడ. మరీ చిన్న చుక్కలకి గాలి నిరోధంలో సవరణ అవసరమని. అదేమిటో పిల్లలు అడగలేదు, తను ఆగి ఆలోచించలేదు. ఇప్పుడు అది ఆవిడ ముందుకి నడిచొచ్చింది. మనకి గాలి అంటే నీళ్లలా అంతటా పరుచుకున్నది. ఈ చుక్కకి అలా కాదు. ఇది ఎంత చిన్నదంటే, దానికి గాలి విడివిడిగా ఎగిరే అణువుల గుంపు. వాటి మధ్య సందుల్లోంచి కాస్త జారుకుంటుంది. గాలి మనం అనుకున్నంతగా అడ్డుకోదు. అందుకే అనుకున్న దానికన్నా వడిగా దిగింది. వడిగా దిగింది కాబట్టి మనం దాన్ని ఉన్నదానికన్నా లావుగా లెక్కగట్టాం. ఆవిడ ఇది చెబుతూ ఉంటే పొడుగమ్మాయి అప్పటికే పెన్ను తీసింది. ఆ సవరణ వేసి మళ్లీ లెక్క కట్టింది. చుక్క కొద్దిగా సన్నబడింది. మెట్టు ఎత్తు దిగింది. ఒకటి పాయింట్ ఐదు తొమ్మిది.

హెడ్ గారు ఆ అంకెని చూసి తల ఊపారు. తర్వాత మేడమ్‌తో, ఇందాకటి దాకా తప్పు అనుకున్నది కూడా చుక్క చెబుతున్న సంగతేనన్నమాట అన్నారు. ఎలక్ట్రాన్‌ని లెక్కపెట్టబోతే గాలి అణువులు కూడా బయటపడ్డాయి. ఒక్క బొట్టు. దాన్ని పట్టుకుని కూర్చుంటే లోకం తన లోపలి కుట్లన్నీ చూపిస్తోంది.

భార్యాభర్తలిద్దరూ స్కూటరు మీద ఇంటికి బయల్దేరారు. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక మలుపు దగ్గర ఆయన బండి ఆపి, అడగనా వద్దా అన్నట్టు అడిగారు.

"అది నిజంగా ఒక్కటేనా? ఆఖరున?"

"ఒక్కటే."

"అంటే, ఒకటి అని లెక్కపెట్టాం మనం. నేనూ."

"మీరే లెక్కపెట్టారు. ముప్పై నాలుగు చదివింది మీరే కదా."

ఆయన బండి స్టార్టు చెయ్యడం మర్చిపోయి అలాగే కూర్చున్నారు. వెనక వచ్చిన ఆటో హారన్ కొడితే ఉలిక్కిపడి కదిలారు.

తర్వాత సంగతులు పెద్దవేమీ కావు. ప్రయోగం ప్రాక్టికల్ పరీక్షల్లో చేరింది. హెడ్ గారు రిటైరయ్యే దాకా సెలవు రోజుల్లో ఆ చీకటి గదికి వచ్చి, చుక్కలు నిలుపుతూ కూర్చునేవారు. పొడుగమ్మాయి పరికరాలు తయారుచేసే చోట పనికి చేరింది. చేతులు వెనక్కి కట్టుకోవడం మానేసింది. మేడమ్ ఆడపడుచు ఆ మధ్యాహ్నం సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, భోజనానికి పిలిచి నూనె చుక్కని చూసుకుంటూ కూర్చున్న వదిన ఉందా ఎక్కడైనా అని. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది.

క్లాసులో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి ఆవిడ సుద్ద పక్కన పెట్టి, పిల్లల్ని ఇద్దరిద్దరిని చీకటి గదిలోకి పంపుతుంది. తను బయట బెంచీ మీద కూర్చుంటుంది. తలుపు వెనక మొదట కిలకిలలు వినిపిస్తాయి, ఫ్యాను లేదని సణుగుడు వినిపిస్తుంది. కాసేపటికి అవన్నీ సద్దుమణుగుతాయి. ఆ నిశ్శబ్దం మొదలైనప్పుడు ఆవిడకి తెలుస్తుంది, లోపల ఎవరికో చుక్క నిలబడిందని. ఆవిడ లోపలికి వెళ్లదు. బయటకొచ్చాక వాళ్లని ఏమీ అడగదు కూడా.